ఇంట గెలిచినవారు, రచ్చ గెలిచినవారు

టోక్యోలోనో ఒసాకాలోనో చిన్న రాక్ కచేరీకి వెళ్లాలంటే చాలాసార్లు ముందు మెట్లు దిగాలి. వేదిక ఏ భవనం అడుగునో నేలమాళిగలో ఉంటుంది. వంద, రెండొందల మంది నిలబడితే నిండిపోయే గది. మెట్ల చివర చిన్న బల్ల, దాని వెనక ఒక మనిషి. డబ్బు తీసుకుంటూ ఆ మనిషి ఒక ప్రశ్న అడుగుతాడు: "ఈరోజు ఏ బ్యాండు కోసం వచ్చారు?" మీరు చెప్పిన పేరుకు ఎదురుగా కాగితం మీద ఒక గీత గీస్తాడు. కచేరీ ముగిశాక ఆ గీతలు లెక్కపెడతారు. ఏ బ్యాండు ఇంటికి డబ్బు తీసుకెళ్తుందో, ఏ బ్యాండు జేబులోంచి తీసి కట్టి వెళ్తుందో ఆ గీతలే తేలుస్తాయి.

ఇలాంటి వేదికను అక్కడ 'లైవ్ హౌస్' అంటారు. రెండూ ఇంగ్లీషు మాటలే అయినా వాటిని జత కలిపింది జపనీయులు. చట్టం దృష్టిలో వీటిలో చాలావాటికి ఉన్నది తిండీ పానీయాలూ అమ్మే దుకాణాలకిచ్చే అనుమతి. అందుకే టికెట్టు కొన్నాక మళ్లీ ఐదారొందల యెన్లు పెట్టి ఏదో ఒక పానీయం తీసుకోవాలి. దాహం ఉన్నా లేకపోయినా తప్పదు.

అసలు విషయం 'నోరుమా' అనే పద్ధతిలో ఉంది. ఇది రష్యన్ మాట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైబీరియా నిర్బంధ శిబిరాల్లో రోజుకు ఇంత పని చేయాలని సోవియట్ అధికారులు పెట్టిన కోటాను నోర్మా అనేవారు. అక్కడినుంచి తిరిగొచ్చిన జపాన్ సైనికులు ఆ మాటను వెంట తెచ్చుకున్నారు. లైవ్ హౌస్‌లో దాని అర్థం, బ్యాండు తప్పనిసరిగా అమ్మాల్సిన టికెట్ల సంఖ్య. ఒక ఉదాహరణ వేసుకుందాం. టికెట్టు 2,000 యెన్లు, నోరుమా 20 టికెట్లు. అంటే ఆ బ్యాండు వేదిక యజమానికి 40,000 యెన్లు బాకీ. దాని కోసం ఎనిమిది మందే వచ్చారనుకోండి, చేతికొచ్చింది 16,000. మిగతా 24,000 సభ్యులు తలా కొంత వేసుకుని కడతారు. ఇరవై దాటితేనే, ఆపైన అమ్మిన ప్రతి టికెట్టులో బ్యాండుకు వాటా. ఒక రాత్రికి నాలుగైదు బ్యాండ్లు, ఒక్కోదానికి అరగంట. గది ఖాళీగా ఉన్నా యజమానికి అద్దె గిట్టుతుంది.

ఇది క్రూరమైన పద్ధతి. పగలు దుకాణాల్లో పనిచేసి సంపాదించింది రాత్రి అరగంట వాయించడానికి ధారపోసి, చివరికి సంగీతమే వదిలేసిన యువకులు అక్కడ లెక్కలేనంతమంది. కానీ ఈ క్రూరత్వం నుంచే రెండు విచిత్రమైన ఫలితాలు పుట్టాయి. బాకీ ముందే తీరుతుంది కాబట్టి వేదిక మీద ఏం వాయిస్తారన్నది యజమానికి పెద్ద పట్టింపు కాదు. ఎంత విపరీతమైన సంగీతానికైనా అరగంట దొరుకుతుంది. ఇక బ్యాండు విషయానికొస్తే, వినడానికొచ్చే ప్రతి మనిషినీ పేరుపేరునా సంపాదించుకోవాలి. పత్రికలో సమీక్షకుడు మెచ్చుకుంటే సరిపోదు, తలుపు దగ్గర ఎవరో ఒకరు ఆ బ్యాండు పేరు చెప్పాలి.

1980లలో జపాన్ రాక్ రెండు కొసలకు సాగింది. ఒక కొస నాయిజ్, అంటే పాటా తాళమూ రాగమూ ఏవీ లేని శుద్ధ శబ్దం. రెండో కొస విజువల్ కేయ్, అంటే నింగికి లేచిన రంగు జుట్టు, ముఖం నిండా అలంకరణ, కన్నీళ్లు తెప్పించే పాటలు. చూడటానికి వీటికి ఎక్కడా పొంతన లేదు. అయినా రెండూ ఇలాంటి ఇరుకు గదుల్లోనే పెరిగాయి. పెరుగుతున్నప్పుడు వాటిని పాశ్చాత్య ప్రపంచం చూడనే లేదు.

చూడకపోవడానికి ఒక కారణం అంతకు పదేళ్ల ముందు జరిగిన వాదంలో దొరుకుతుంది. 1970, 71ల్లో 'న్యూ మ్యూజిక్ మ్యాగజైన్' అనే పత్రిక చుట్టూ జపాన్ సంగీతకారులు గట్టిగా తలపడ్డారు. రాక్‌ను ఏ భాషలో పాడాలి? ప్రపంచాన్ని చేరాలంటే ఇంగ్లీషే దారి అన్నది ఉచిదా యూయా వర్గం. ఆయన నడిపించిన ఫ్లవర్ ట్రావెలిన్ బ్యాండు ఇంగ్లీషులోనే పాడింది, కెనడా వెళ్లి కొంతకాలం ఉండి కచేరీలు కూడా చేసింది. హ్యాప్పీ ఎండ్ అనే బ్యాండు ఎదుటి పక్షం. దాని డ్రమ్మరు, గీత రచయిత మాత్సుమోతో తకాషి జపనీస్ మాటలనే రాక్ లయలో ఒదిగించాడు. 1971లో వచ్చిన వాళ్ల ఆల్బం 'కజేమాచి రోమన్' ఆ వాదాన్ని దాదాపు ముగించేసింది. ఆ తర్వాత జపాన్ రాక్ ప్రధానంగా జపనీస్‌లోనే పాడింది, ప్రధానంగా జపాన్ కోసమే పాడింది.

అలా పాడి బతకగలిగింది కూడా. రికార్డుల అమ్మకాల్లో అమెరికా తర్వాత ప్రపంచంలో అతిపెద్ద మార్కెట్టు జపాన్‌దే. అక్కడ స్వదేశీ సీడీలను తయారీదారు నిర్ణయించిన ధరకే అమ్మేలా చట్టం వెసులుబాటు ఇస్తుంది, ఒక ఆల్బం ధర సుమారు 3,000 యెన్లు. సొంత దేశంలో పది లక్షల ప్రతులు అమ్ముకున్న బ్యాండు లండన్‌లో మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎందుకు మొదలుపెడుతుంది? పాశ్చాత్య పత్రికలు చూడలేదన్నది నిజమే. చూసేలా చేయాల్సిన అవసరం జపాన్‌కు లేకపోయిందన్నది కూడా అంతే నిజం.

ఇక నాయిజ్. దాని ఊరు క్యోటో, ఒసాకా ప్రాంతం. 1970ల చివర క్యోటోలో డ్రగ్‌స్టోర్ అనే చిన్న కెఫే ఉండేది. ఎక్కడా దొరకని విదేశీ రికార్డులు, ఫ్రీ జాజ్, ప్రయోగ సంగీతం అక్కడ పెద్ద ధ్వనితో మోగేవి. అక్కడికి చేరే కుర్రాళ్లలో జోజో హిరోషిగే ఒకడు. 1979లో అతను మొదలుపెట్టిన బృందం పేరు హిజోకైదాన్, అంటే అత్యవసర సమయంలో దిగే మెట్లు. అతను మామూలు బ్యాండ్లలో గిటారు వాయించినవాడే. పాట ముగిసే చోట గిటార్లూ డ్రమ్ములూ కలిసి హోరెత్తే ఆ కొద్ది క్షణాలు ఉంటాయి చూడండి, ఆ హోరు ఒక్కటే మొదటినుంచి చివరిదాకా ఉంటే? హిజోకైదాన్ చేసింది అదే. తొలి రోజుల్లో వాళ్లు వేదిక మీద చెత్త విసిరారు, సామాన్లు పగలగొట్టారు, మూత్రం పోశారు. వార్తల్లో ఎక్కువ నిలిచింది అదే. నా దృష్టిలో అది అందులో అతి తక్కువ విలువైన భాగం. ఆ చేష్టలు ఆగిపోయాక కూడా దశాబ్దాలపాటు నిలిచింది శబ్దమే.

ఆ శబ్దం ఎలా పుడుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. పెళ్లి పందిట్లో ఎవరైనా మైకు పట్టుకుని స్పీకరు ముందుకెళ్తే చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది కదా. మైకు విన్న చిన్న శబ్దం స్పీకరులోంచి పెద్దదై వస్తుంది, ఆ పెద్ద శబ్దాన్ని మైకు మళ్లీ వింటుంది, అది ఇంకా పెద్దదవుతుంది. దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. సౌండు సిస్టమ్ వాడు పరుగున వచ్చి ఆపేసేది దాన్నే. నాయిజ్ కళాకారుడు దాన్నే వాద్యం చేసుకున్నాడు. మిక్సరులోంచి బయటికొచ్చే తీగను తీసి అదే మిక్సరు లోపలికి పెడతాడు. మధ్యలో గిటారువాళ్లు కాలితో తొక్కే పెడళ్లు నాలుగైదు గొలుసులా కలుపుతాడు. ఒకటి శబ్దాన్ని చీలుస్తుంది, ఒకటి ఆలస్యం చేస్తుంది, ఒకటి స్థాయి మారుస్తుంది. ఈ చుట్టులో మొదలంటూ లేదు, ఎవరూ వాయించకుండానే అది అరుస్తుంది. ఒక మీటను వెంట్రుకవాసి తిప్పితే మొత్తం స్వరూపం మారిపోతుంది, వెనక్కి తిప్పినా పాత శబ్దం తిరిగి రాదు. అందుకే దాన్ని వాయించడం అనడంకంటే మొరాయించే కోడెను ముకుతాడు పట్టి నడిపించడం అంటే దగ్గరగా ఉంటుంది.

మీటలన్నీ చివరిదాకా తిప్పేస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. చెడ్డ నాయిజ్‌ను పోల్చుకోవడం తేలిక. అది ఒకే గోడ. రెండు నిమిషాల్లో చెవి మొద్దుబారి, శబ్దం ఉన్నా లేనట్టే అనిపిస్తుంది. మంచి నాయిజ్‌లో పొరలు ఉంటాయి. అడుగున ఇంజను గుడగుడ, మధ్యలో ఇనుము గీరిన గరుకు, పైన ఆవిరి బుస. అవి వేర్వేరు వేగాలతో కదులుతాయి. ఒకటి తెగిపోగానే అంతవరకూ దాని వెనక దాక్కున్నది వినిపిస్తుంది. పొరలను విడదీసి వినడం ఒకసారి పట్టుబడితే, ఒక్క రాగం లేకుండానే ఎదురుచూపూ విడుదలా ఎలా కలుగుతాయో తెలుస్తుంది.

ఈ పనిలో అందరికన్నా పేరు పొందినవాడు టోక్యోకు చెందిన అకితా మసామి. 1956లో పుట్టాడు, తమగావా విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివాడు. 1979 నుంచి మెర్జ్‌బౌ పేరుతో రికార్డులు చేస్తున్నాడు. కుర్ట్ ష్విటర్స్ అనే జర్మన్ కళాకారుడు పారేసిన వస్తువులతో తన ఇంటినే ఒక కళాకృతిగా పెంచుకుంటూ పోయాడు, దాని పేరు మెర్జ్‌బౌ. అకితా ఆ పేరు తీసుకోవడంలో అర్థం ఉంది. పనికిరాని ధ్వనులే అతని ముడిసరుకు. 1980ల తొలినాళ్లలో అతను ఇంట్లో రికార్డు చేసి, క్యాసెట్లలోకి ఎక్కించి, జిరాక్సు తీసిన కాగితాలను అట్టలుగా చుట్టి, విదేశాల్లో తనలాంటివాళ్లకు టపాలో పంపేవాడు. వాళ్లు తమ క్యాసెట్లు తిరిగి పంపేవారు. డబ్బు కాదు, క్యాసెట్టుకు క్యాసెట్టు. ఒక తపాలా బిళ్ల ఖర్చుతో సంగీతం సముద్రాలు దాటింది. 2000లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ అతని పనిని 50 సీడీల పెట్టెగా విడుదల చేసింది.

ఒసాకా శబ్దం అంతకన్నా ప్రమాదకరంగా ఉండేది. యమత్సుకా ఐ అనే యువకుడి బృందం పేరు హనతారాష్, మన మాటల్లో చీమిడి ముక్కు పిల్లాడు. 1985 ఆగస్టు 4న టోక్యోలోని సూపర్‌లాఫ్ట్ అనే వేదికలో వాళ్ల కచేరీ. గాయాలైతే వేదికది బాధ్యత కాదని వచ్చినవాళ్ల చేత ముందే సంతకాలు పెట్టించుకున్నారు. ఐ గాయకుడిగా నడిచి రాలేదు, మట్టి తవ్వే యంత్రం నడుపుకుంటూ హాల్లోకి వచ్చి గోడలనూ వస్తువులనూ కూలగొట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత చాలా వేదికలు వాళ్లకు తలుపులు మూశాయి. మీరు వాయించేది మాకు పట్టదు అనే నేలమాళిగ ఉదారత్వానికి కూడా ఒక హద్దు ఉందని ఆ రాత్రి తేలింది. మరుసటి ఏడాది అదే ఐ మొదలుపెట్టిన బోరెడమ్స్ ఆ విధ్వంస శక్తిని డ్రమ్ముల వైపు మళ్లించింది. 2007 జులై 7న న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 77 మంది డ్రమ్మర్లను వలయంగా కూర్చోబెట్టి కచేరీ చేసింది వాళ్లే. ఆ బృందంలో గిటారు వాయించిన యమమోతో సెయిచీ ఒసాకా నాంబాలో నడిపిన బేర్స్ అనే చిన్న లైవ్ హౌస్ ఈ రకం సంగీతానికి ఇల్లయింది.

ఇక్కడ ఒక తికమక ఉంది. అమెరికా, ఐరోపాల్లో ఈ క్యాసెట్లు అందుకున్నవాళ్లు వాటన్నిటినీ ఒకే అరలో పెట్టి 'జపనాయిజ్' అని పేరు పెట్టారు. అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ నోవాక్ 2013లో ఇదే పేరుతో రాసిన పుస్తకంలో ఈ సంగతి వివరంగా చర్చించాడు. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు ఉద్దేశాలతో పనిచేస్తున్న మనుషులు దూరం నుంచి చూసేవాళ్లకు ఒకే ఉద్యమంగా కనిపించారు. విదేశీ పత్రికల్లో పేరు మారుమోగుతున్న రోజుల్లో కూడా సొంత ఊళ్లో వాళ్ల కచేరీకి వచ్చేది కొన్ని పదుల మందే. ఇన్‌కెపాసిటెంట్స్ అనే ప్రఖ్యాత జంటలో మికావా తోషిజీ బ్యాంకు ఉద్యోగి, కోసకాయ్ ఫుమియో ప్రభుత్వ ఉద్యోగి. సంగీతం మీద బతకాలన్న ఆశ లేకపోవడం వాళ్లకు ఒక రకంగా స్వేచ్ఛ. ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు.

మన పెద్దలు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాయిజ్ ఇంట గెలవకుండానే రచ్చ గెలిచింది. విజువల్ కేయ్ కథ సరిగ్గా తిరగబడింది.

టోక్యోకు దక్షిణంగా, చిబా రాష్ట్రంలో తతేయామా అనే సముద్రతీర పట్టణం ఉంది. హయాషి యోషికి, దెయామా తోషి అక్కడ చిన్నబడి నాటినుంచీ స్నేహితులు. 1982లో ఎక్స్ పేరుతో బ్యాండు పెట్టారు. యోషికి శాస్త్రీయ పియానో నేర్చుకున్నవాడు, డ్రమ్ములు మాత్రం ఒళ్లు తెలియకుండా వాయించేవాడు. తోషిది హై పిచ్‌లో ఆగకుండా సాగే గొంతు. టోక్యో లైవ్ హౌస్‌ల్లో వాళ్ల వాయిద్యం మెరుపు వేగంతో సాగే మెటల్, చూపు మాత్రం అలంకరణ నిండిన నాటకం. మెటల్ అభిమానులకు ఆ అలంకరణ నచ్చలేదు, మిగతావాళ్లకు ఆ మెటల్ నచ్చలేదు. పైగా వాళ్లు బీట్ తకేషి నడిపే హాస్య కార్యక్రమానికి వెళ్లారు. ఒక మామూలు భోజన హోటల్లో, తింటున్నవాళ్ల మధ్యలో నిలబడి హెవీ మెటల్ వాయించారు. రాక్ పరువు తీశారని తోటి సంగీతకారులు ఛీకొట్టారు. యోషికి లెక్క వేరు. టీవీలో చూసిన ఒక్కడైనా రేపు తలుపు దగ్గర తమ పేరు చెబుతాడు.

పెద్ద కంపెనీలేవీ పిలవకపోవడంతో 1986లో యోషికి ఎక్స్‌టసీ రికార్డ్స్ అనే సొంత సంస్థ పెట్టాడు. 1987కు ఐదుగురి జట్టు కుదిరింది. అందులో గిటారు వాయించే హిదే యొకోసుకా నుంచి వచ్చినవాడు, సౌందర్య కళలో లైసెన్సు ఉన్నవాడు. ఆ జుట్లు అలా ఆకాశానికి లేవడం వెనక చేతిపని తెలిసిన మనిషి ఉన్నాడన్నమాట. 1988 ఏప్రిల్‌లో సొంత సంస్థ నుంచి 'వానిషింగ్ విజన్' విడుదలైంది. పెద్ద కంపెనీ అండ లేని ఆ ఆల్బం దేశవ్యాప్త అమ్మకాల పట్టికలో మొదటి ఇరవైలోకి వచ్చింది. ఆపైన సోనీ పిలిచింది. 1989 ఏప్రిల్‌లో వచ్చిన 'బ్లూ బ్లడ్' అట్ట మీద ఇంగ్లీషులో ఒక నినాదం ఉంది, అందులో 'విజువల్ షాక్' అనే మాటలు ఉన్నాయి. మరుసటి ఏడాది మొదలైన 'షాక్స్' అనే పత్రిక ఇలాంటి బ్యాండ్ల ఫొటోలతో నిండిపోయింది. క్రమంగా 'విజువల్ కేయ్' అనే పేరు స్థిరపడింది. కేయ్ అంటే తెగ, కోవ.

గమనించాల్సిందేమంటే ఆ పేరులో సంగీతం లేదు. మెటల్ వాయించినా పంక్ వాయించినా తియ్యటి పాటలు పాడినా ఒక బ్యాండు విజువల్ కేయ్ కావచ్చు. మాలిస్ మిజెర్ అనే బృందం పాత ఐరోపా రాజాస్థానాల దుస్తుల్లో, ఆర్గాన్ సంగీతంతో వేదికను దెయ్యాల కోటలా మార్చేది. దాని గిటారు కళాకారుడు మానా ఆడవాళ్ల గౌనుల్లోనే కనిపించేవాడు. మగవాడు స్త్రీ వేషంలో ప్రేక్షకుల్ని కట్టిపడేయడం స్థానం నరసింహారావు సత్యభామను ఎరిగిన తెలుగువారికి కొత్త కాదు, కబుకీ నాటకాలు ఎరిగిన జపాన్ వారికి అంతకన్నా కాదు. ఇదంతా ఇంగ్లండ్ గ్లామ్ రాక్‌కు నకలు అన్న విమర్శ ఉంది. అయితే గ్లామ్ రాక్ రాజు డేవిడ్ బౌవీ 1973లో వేసుకున్న దుస్తులు కుట్టింది టోక్యోకు చెందిన యమమోతో కన్సాయ్. కబుకీ పద్ధతులను బౌవీ ఇష్టంగా తీసుకున్నాడు. అటు వెళ్లింది ఇటు తిరిగొచ్చింది. దాన్ని నకలు అనడం న్యాయం కాదు.

విజువల్ కేయ్‌ను నిలబెట్టింది అభిమానులు, వాళ్లలో అత్యధికులు యువతులు. వాళ్లను 'బంగ్యా' అంటారు. వాళ్లు కచేరీకి వచ్చి ఊరకే చూడరు. ప్రతి పాటకూ చేతుల కదలికలు ఉంటాయి, అందరూ ఒకేసారి చేస్తారు. ఎక్కడ తల ఊపాలో, ఎక్కడ నడుము వంచాలో కొత్తగా వచ్చినవాళ్లు పక్కవాళ్లను చూసి నేర్చుకుంటారు. మొదటి వరుసలో ఎవరు ఏ బ్యాండుకు నిలబడాలన్నదానికి కూడా కట్టుబాట్లు ఉంటాయి. వాటిని అడ్డం పెట్టుకుని కొత్తవాళ్ల మీద పెత్తనం చేసే గుంపులూ ఉన్నాయి. కచేరీ తర్వాత సభ్యుల ఫొటోలు అమ్ముతారు. అప్పటికప్పుడు కాగితం మీద పడే చిన్న ఫొటోను 'చెకి' అంటారు. నోరుమా మింగేసిన డబ్బును చాలా బ్యాండ్లు ఈ చెకిల మీదే రాబట్టుకుంటాయి. చిన్న జీతాల అమ్మాయిలు ఒకే ఫొటో కోసం, తమకు నచ్చిన సభ్యుడు వచ్చేదాకా, మూసిన కవర్లు మళ్లీ మళ్లీ కొనడం నాకు బాధ కలిగించే విషయం. సంగీతానికి అండగా నిలిచిన ప్రేమను పిండుకోవడం అది.

ఎక్స్ తర్వాత వచ్చినవాళ్లకు దారి కొంత సులువైంది. పైకి వచ్చిన సీనియరు కింద ఉన్న జూనియరును లాగడం ఈ లోకపు నియమం. హిదే లైవ్ హౌస్‌లో చూసి మెచ్చుకున్న లూనా సీ మొదటి ఆల్బం 1991లో ఎక్స్‌టసీ నుంచే వచ్చింది. ఉత్తరాన హకొదాతే నుంచి వచ్చిన గ్లే బ్యాండును కూడా యోషికి చేరదీశాడు. 1999 జులై 31న చిబాలోని మకుహారిలో ఒక పార్కింగు మైదానంలో గ్లే చేసిన కచేరీకి రెండు లక్షల మంది వచ్చారు. టికెట్టు కొని ఒకే బ్యాండును చూడ్డానికి అంతమంది. ఆ రోజు ఆ బ్యాండు పేరు తెలిసిన అమెరికన్లు ఎంతమంది ఉండి ఉంటారు?

అమెరికాను గెలవాలని ఎక్స్ ప్రయత్నించకపోలేదు. 1992 జనవరిలో టోక్యో డోమ్‌లో వరుసగా మూడు రాత్రులు కచేరీ చేశారు, యాభై వేల మంది పట్టే చోటు అది. అదే ఏడాది న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో విలేఖరులను పిలిచి, పెద్ద అమెరికన్ కంపెనీతో ఒప్పందాన్ని ప్రకటించారు. అప్పటికే అమెరికాలో ఎక్స్ అనే పంక్ బ్యాండు ఉండటంతో తమ పేరును ఎక్స్ జపాన్ అని మార్చుకున్నారు. ఇంగ్లీషు ఆల్బం వస్తుందన్నారు. రాలేదు. తోషి ఇంగ్లీషు ఉచ్చారణ ఒక అడ్డంకి, ఏళ్లకేళ్లు చెక్కుతూ కూర్చునే యోషికి పరిపూర్ణతా దాహం ఇంకో అడ్డంకి. అసలు అడ్డంకి మరొకటి అని నేననుకుంటాను. లైవ్ హౌస్ తలుపు దగ్గర ఒక్కొక్కరినీ సంపాదించుకుని పెరిగినవాళ్లకు, అమెరికాలో అలా దిగాల్సిన మెట్లేవీ లేవు. నేరుగా పై అంతస్తు నుంచి మొదలుపెట్టబోయారు. నాయిజ్ కళాకారులు ఒక్కో క్యాసెట్టుకు ఒక్కో మనిషిని సంపాదించుకుంటూ ఆ మెట్లన్నీ దిగి వెళ్లారు. సోనిక్ యూత్ లాంటి బ్యాండ్లు, జాన్ జోర్న్ లాంటి సంగీతకారులు వాళ్లకు స్నేహితులై తలుపులు తెరిచారు. 1994లో లొలాపలూజా అనే భారీ అమెరికన్ పర్యటనలో వాయించింది ఎక్స్ కాదు, బోరెడమ్స్.

తర్వాత ఎక్స్ 1997 డిసెంబరు 31న చివరి కచేరీ చేసి విడిపోయింది. 1998 మే 2న హిదే 33 ఏళ్ల వయసులో మరణించాడు. టోక్యోలోని త్సుకిజి హొంగన్‌జీ ఆలయంలో అంత్యక్రియలకు సుమారు యాభై వేల మంది తరలివచ్చారు. 2000 చివర లూనా సీ కూడా ఆగిపోయింది. టీవీలు మొహం తిప్పుకున్నాయి. విజువల్ కేయ్ చచ్చిపోయిందని చాలామంది తీర్పు చెప్పేశారు. అది మళ్లీ మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లింది, అంతే. అక్కడ ఉండగానే ఎవరూ వేయని దారిలో విదేశాలకు చేరింది. యానిమే సీరియళ్ల మొదటి, చివరి పాటల్ని జపాన్ బ్యాండ్లే పాడేవి. ఆ సీరియళ్లు చూసే పిల్లలు ఇంటర్నెట్‌లో ఆ పాటలు పాడిందెవరని వెతికారు. లార్క్ ఆన్ సియెల్ అమెరికాలో మొదటిసారి 2004లో కచేరీ చేసింది బాల్టిమోర్‌లోని యానిమే అభిమానుల సమ్మేళనంలో. డిర్ ఎన్ గ్రే 2005లో బెర్లిన్‌లో వాయిస్తే హాలు నిండింది. ఎక్స్ జపాన్ కూడా 2007లో తిరిగి కలిసి, 2014 అక్టోబరు 11న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించింది. రాక్‌ఫెల్లర్ సెంటర్ ప్రకటనకు అప్పటికి 22 ఏళ్లు.

2020లో కోవిడ్ మొదలైనప్పుడు జపాన్‌లో తొలి దశలో పేరు బయటపడ్డ గుంపు కేసుల్లో కొన్ని ఒసాకా లైవ్ హౌస్‌లవి. గాలి ఆడని గది, గొంతెత్తి అరిచే జనం. లైవ్ హౌస్ అనే మాటే కొన్ని నెలలు భయపెట్టింది. కొన్ని వేదికలు శాశ్వతంగా మూతపడ్డాయి. చాలావాటిని అభిమానులు తలా కొంత చందా వేసి బతికించుకున్నారు.

మీలో ఎవరైనా చదువుకో ఉద్యోగానికో జపాన్‌లో ఉంటే, లేదా ఎప్పుడైనా వెళ్తే, ఒక సాయంత్రం ఏదో ఒక లైవ్ హౌస్ మెట్లు దిగండి. నాయిజ్ రాత్రి అయితే చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిళ్లలు తప్పకుండా తీసుకెళ్లండి, పాడైన వినికిడి తిరిగి రాదు. తలుపు దగ్గర ప్రశ్న అడిగినప్పుడు ఎవరి కోసమూ కాదు, ఊరికే వచ్చాను అనకండి. బయట అంటించిన కాగితం చూసి ఒక పేరు చెప్పండి. ఆ బ్యాండు ఆ రాత్రి తన జేబులోంచి కట్టాల్సిన దానిలో ఒక టికెట్టు తగ్గుతుంది.